విదేశంలో పెళ్లి, స్వదేశంలో నమోదు: కాగితాల వెనకున్న నాలుగు ప్రశ్నలు

విదేశంలో పెళ్లి చేసుకుని, అక్కడిచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని సొంత దేశపు రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లినవాళ్లు చాలామంది మొదటిరోజు ఉత్త చేతులతోనే తిరిగొస్తారు. పెళ్లయింది, సర్టిఫికెట్ ఉంది, దానిమీద ముద్ర కూడా ఉంది. అయినా ఇది చాలదంటారు. సంతకం, ముద్ర నిజమైనవేనని చెప్పే అపోస్టిల్ ఏదీ అంటారు. అది తెస్తే అనువాదం అంటారు. అదీ తెస్తే, మొదటి పెళ్లి తాలూకు విడాకుల కాగితం ఎక్కడుందని అడుగుతారు. కావాలనే తిప్పుతున్నారేమో అని టెన్షన్ పడటం సహజమే.

ఇలాంటి ఫైళ్లకు అనువాదాలు చేయడం నా పని. నేను చూసినంతలో, చాలాసార్లు అది తిప్పడం కాదు. కౌంటర్ అవతల కూర్చున్న మనిషి ఆ పెళ్లిని చూడలేదు, ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేసినవారెవరో తెలియదు. అందుకని నాలుగు సంగతులు తేల్చుకోవాలి. పెళ్లి అక్కడి చట్టం ప్రకారం నిజంగా జరిగిందా? ఈ కాగితం ఇచ్చింది నిజంగా అక్కడి అధికారేనా? కాగితంలో ఉన్న మనిషీ, మా రికార్డులో ఉన్న మనిషీ ఒకరేనా? పెళ్లినాటికి ఇద్దరికీ పెళ్లాడే స్వేచ్ఛ ఉందా? అడిగే ప్రతి కాగితమూ ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి జవాబే. ఏ కాగితం ఏ ప్రశ్నకో తెలిస్తే, ఏది ఎక్కడ తేవాలో, ఏది ముందు తేవాలో దానంతటదే తెలిసిపోతుంది.

అసలు నమోదు చేయించుకోవాలా అన్నది ముందు చూసుకోవాలి. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. జపాన్ పౌరులు విదేశంలో అక్కడి చట్టం ప్రకారం పెళ్లి చేసుకుంటే, 3 నెలల్లోపు ఆ సర్టిఫికెట్‌ను తమ దేశపు అధికారులకు అందజేయాలి. ఇంగ్లండ్‌లో విదేశీ పెళ్లిని మళ్లీ నమోదు చేసే పద్ధతే లేదు. పెళ్లి జరిగిన దేశం ఇచ్చిన సర్టిఫికెట్టే రుజువు. ఫ్రాన్స్ మధ్యలో ఉంటుంది. విదేశంలో సక్రమంగా జరిగిన పెళ్లి నమోదు కాకపోయినా భార్యాభర్తల మధ్య, పిల్లల విషయంలో చెల్లుతుంది. కానీ బయటివాళ్ల ముందు, అంటే అప్పులవాళ్ల దగ్గరో ఆస్తి కొనేవాళ్ల దగ్గరో, ఆ పెళ్లిని చూపించి హక్కు అడగాలంటే మాత్రం నమోదై ఉండాలి. భారతదేశంలో 1969 నాటి విదేశీ వివాహాల చట్టంలోని 17వ సెక్షన్ కింద, ఇద్దరిలో కనీసం ఒకరు భారత పౌరులైతే, వాళ్లు కోరినప్పుడు విదేశంలోని భారత వివాహ అధికారి ఆ పెళ్లిని రిజిస్టర్ చేయవచ్చు. చట్టం అడగని చోట్ల కూడా భర్తకో భార్యకో వీసా కావాల్సి వచ్చినప్పుడు, వారసత్వం పంచుకోవాల్సి వచ్చినప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఇప్పుడు ఒక ఫైలు తీసుకుందాం. ఒక ఇటలీ మహిళ. ఆమె పేరు మరియా ఎలెనా అనుకుందాం. మొదటి పెళ్లి ఇటలీలోనే అయింది. తర్వాత ఇంగ్లండ్‌లో ఉంటూ 2021లో విడాకులకు వేసింది, 2022లో అవి పూర్తయ్యాయి. 2023లో ఒక అమెరికన్‌ని లాస్ వెగాస్‌లో పెళ్లి చేసుకుంది. ఇద్దరూ ఇటలీ వచ్చి స్థిరపడాలనుకున్నారు. అక్కడ పెళ్లిళ్ల రికార్డు ఉండేది ఊరి మునిసిపల్ ఆఫీసులో, దాన్ని కొమూనే అంటారు. భర్తకు అక్కడ ఉండే అనుమతి రావాలంటే ముందు ఈ పెళ్లి కొమూనే రికార్డులోకి ఎక్కాలి.

ఆమె మొదటిసారి తీసుకెళ్లిన సర్టిఫికెట్ చూడటానికి చాలా బాగుంటుంది. మందపాటి కాగితం, చుట్టూ అంచు, బంగారు రంగు ముద్ర, కింద పెళ్లి జరిపించిన ఆయన సంతకం. అది పెళ్లి వేడుక జరిగిన చాపెల్‌వాళ్లు జ్ఞాపకంగా ఇచ్చిన కాగితం. చట్టం దృష్టిలో అది దేనికీ రుజువు కాదు. లాస్ వెగాస్ ఉన్నది నెవాడా రాష్ట్రంలో, క్లార్క్ అనే పేరున్న కౌంటీలో, అంటే జిల్లా లాంటిదానిలో. పెళ్లికి ముందు తీసుకోవాల్సిన లైసెన్స్ ఇచ్చేది కౌంటీ క్లార్క్ అనే అధికారి ఆఫీసు. పెళ్లయ్యాక, జరిపించినవారు 10 రోజుల్లోపు ఆ సంగతి అదే ఆఫీసులో దాఖలు చేయాలి. అది రికార్డయ్యాక క్లార్క్ ఆఫీసు ఇచ్చే సర్టిఫైడ్ కాపీయే అసలు కాగితం. మన మొదటి ప్రశ్నకు జవాబు అదొక్కటే.

ఈ తేడా ఒక్క వెగాస్‌కే పరిమితం కాదు. చర్చిలోనో మరో ప్రార్థనా స్థలంలోనో ఇచ్చిన కాగితానికి కొన్ని దేశాల్లో చట్టబద్ధత ఉంటుంది, కొన్ని దేశాల్లో అస్సలు ఉండదు. ఫ్రాన్స్‌లో మతపరమైన వేడుక ఒక్కటే జరిగితే చట్టం ప్రకారం పెళ్లి జరగనట్టే. కాబట్టి చేతిలో ఉన్న కాగితాన్ని తిప్పి చూసి, దాన్ని ఇచ్చింది ప్రభుత్వ రిజిస్ట్రీయేనా, రికార్డు నంబరు ఉందా అని చూడాలి. సర్టిఫికెట్‌లో కూడా పొట్టిది, పూర్తిది అని రెండు రకాలు ఇచ్చే చోట్లు ఉన్నాయి. న్యూయార్క్ సిటీలో అలాగే ఇస్తారు. విదేశాల్లో చూపించడానికి పూర్తిదే తీసుకోవాలి, ఎందుకంటే తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు లాంటి వివరాలు అందులోనే ఉంటాయి. మూడో ప్రశ్నకు అవి బాగా పనికొస్తాయి.

అపోస్టిల్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుంది. ఇక రెండో ప్రశ్న. ఆ సంతకం నిజంగా క్లార్క్ కౌంటీ క్లార్క్‌దేనని ఇటలీలో ఒక చిన్న ఊరి గుమస్తాకు ఎలా తెలుస్తుంది? దీనికోసమే 1961 అక్టోబరు 5న హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. అంతకుముందు ఒక కాగితం దేశం దాటాలంటే ఒక ఆఫీసు సంతకాన్ని పై ఆఫీసు, దాని సంతకాన్ని విదేశాంగ శాఖ, దాన్ని మళ్లీ వెళ్లాల్సిన దేశపు ఎంబసీ ధ్రువీకరించాల్సి వచ్చేది. ఆ గొలుసంతా తీసేసి దాని స్థానంలో ఒకే ఒక్క కాగితం పెట్టారు. అదే అపోస్టిల్. ఇప్పుడు 120కి పైగా దేశాలు ఈ ఒప్పందంలో ఉన్నాయి. చైనా 2023 నవంబరులో, కెనడా 2024 జనవరిలో మొదలుపెట్టాయి.

అపోస్టిల్ చూడటానికి చతురస్రంగా ఉంటుంది, ఒక్కో వైపు కనీసం 9 సెంటీమీటర్లు. పైన ఫ్రెంచిలో ఒప్పందం పేరు, కింద వరుస నంబర్లతో 10 గడులు. దాని మాట చాలా చిన్నది: ఈ కాగితం మీద సంతకం ఫలానావారిది, ఆయన ఫలానా హోదాలో సంతకం పెట్టారు, ముద్ర ఫలానా ఆఫీసుది. అంతే. లోపల రాసింది నిజమా, పెళ్లి చెల్లుతుందా అన్నది దాని పని కాదు. అపోస్టిల్ ఉంది కదా ఇంకేం కావాలి అని వాదించేవాళ్లు ఇక్కడే పొరబడతారు. అది రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు.

అది ఎవరు ఇవ్వాలన్నది కూడా ముఖ్యం. కాగితం పుట్టిన చోటే అపోస్టిల్ పుట్టాలి. క్లార్క్ కౌంటీ కాగితానికి ఇచ్చేది నెవాడా రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. భర్తది కాలిఫోర్నియా అయినా కాలిఫోర్నియా ఆఫీసు ఇవ్వలేదు, ఎందుకంటే క్లార్క్ కౌంటీ క్లార్క్ సంతకం వాళ్ల దగ్గర ఉండదు. ఇటలీకి వచ్చేశాక అక్కడ చేయించడం ఇంకా కుదరదు. పెళ్లయ్యాక ఆ దేశం వదలకముందే ఈ పని చేయించుకుంటే నెలల పోస్టు తిరుగుడు తప్పుతుంది.

ఒక తప్పు నేను ఎన్నోసార్లు చూశాను, అది చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే మనిషి డబ్బు కట్టాడు, ఎదురుచూశాడు, కాగితం మీద అపోస్టిల్ నిజంగానే ఉంది. అయినా పనికిరాదు. అసలు పాడవకూడదని సర్టిఫికెట్‌ను జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌ను నోటరీ చేయించి, దానిమీద అపోస్టిల్ వేయిస్తారు. అప్పుడు అపోస్టిల్ ధ్రువీకరించేది నోటరీ సంతకాన్ని, రిజిస్ట్రీ సంతకాన్ని కాదు. దీన్ని పట్టుకోవడం సులువే. అపోస్టిల్‌లో 2వ గడిలో సంతకం పెట్టినవారి పేరు, 3వ గడిలో వారి హోదా ఉంటాయి. 3వ గడిలో నోటరీ అని ఉంటే దాదాపుగా తిప్పి పంపుతారు. కౌంటీ క్లార్క్ అనో రిజిస్ట్రార్ అనో ఉండాలి.

రెండు దేశాలూ ఒప్పందంలో ఉన్నంత మాత్రాన సరిపోదు, ఒకరి విషయంలో ఒకరికి అది అమల్లో ఉండాలి. కొత్తగా చేరిన దేశంపై పాత సభ్యులు అభ్యంతరం చెప్పే వీలుంది. భారతదేశం చేరినప్పుడు జర్మనీ అలాగే అభ్యంతరం చెప్పింది, అందుకని ఆ ఇద్దరి మధ్య అపోస్టిల్ నడవదు. అలాంటి చోట, ఒప్పందంలో లేని దేశాల విషయంలోనూ, పాత గొలుసు పద్ధతే దిక్కు. ఇంకోవైపు, అపోస్టిల్ కూడా అక్కర్లేని చోట్లున్నాయి. 2019 ఫిబ్రవరి 16 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల మధ్య పెళ్లి సర్టిఫికెట్‌కు అపోస్టిల్ అడగకూడదు. దానితో పాటు పలు భాషల్లో ఉండే ఒక ప్రామాణిక ఫారం అడిగి తీసుకుంటే సాధారణంగా అనువాదం కూడా అవసరం పడదు.

ఇంకో మాట. అపోస్టిల్‌కు గడువు లేదు. కానీ కింద ఉన్న సర్టిఫికెట్ ఈమధ్యే తీసిందై ఉండాలని కొన్ని ఆఫీసులు అంటాయి. కొన్ని 3 నెలలు, కొన్ని 6 నెలలు అంటాయి. పదేళ్ల కిందటి కాపీకి ఇప్పుడు అపోస్టిల్ వేయించే ముందు ఆ సంగతి అడగాలి.

అనువాదం చివర్లోనే

సర్టిఫికెట్, దానిమీద అపోస్టిల్, ఆ తర్వాతే అనువాదం. ఈ వరుస మారితే పని రెండుసార్లు అవుతుంది. అపోస్టిల్ వేయించకముందే అనువాదం చేయించుకుంటే, అనువాదంలో అపోస్టిల్ ఉండదు. చాలా ఆఫీసులకు కాగితం మీదున్న ప్రతి అక్షరమూ, ముద్రల్లోవీ వెనకవైపు రాతలూ సహా, అనువాదంలో కనిపించాలి. మరియా ఎలెనా ఈ పొరపాటు చేయలేదు. అనువాదం ఎవరు చేయాలన్నది కూడా దేశానికో రకం. కొన్ని దేశాల్లో ప్రమాణం చేసిన అనువాదకుల జాబితా ఉంటుంది, వాళ్లే చేయాలి. ఇటలీలో అయితే అనువాదకులు కోర్టు ఆఫీసుకు వెళ్లి, అనువాదం మూలానికి నమ్మకంగా ఉందని ప్రమాణం చేయవచ్చు. లేదంటే విదేశంలోని ఇటలీ కాన్సులేట్ ధ్రువీకరించిన అనువాదం తేవచ్చు.

ఇక్కడే మూడో ప్రశ్న బయటపడింది. లైసెన్స్ తీసుకునేటప్పుడు ఆమె ఫారంలో ఎలెనా అని మాత్రమే నింపింది, అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి. ఇటలీ రికార్డులో ఆమె పేరు మరియా ఎలెనా, రెండూ కలిపి. అనువాదంలో ఆ మరియా చేర్చేయండి, ఏముంది అని అడిగింది. ఈ మాట నన్ను చాలామంది అడుగుతారు. చేర్చకూడదు. మూలంలో లేని పేరు అనువాదంలో ఉంటే అది దొంగ అనువాదం అవుతుంది. రిజిస్ట్రార్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఆ ఒక్క పదం వల్ల మిగతా ఫైలంతా అనుమానం కిందికి వస్తుంది.

పేరు తేడాలకు రెండు దారులు. తేడా అక్షరాల్లోనే ఉంటే, ఇంకో లిపి నుంచి రాసేటప్పుడు ఒక అక్షరం అటూ ఇటూ అయితే, ఇద్దరూ ఒకరేనని చెప్పే అఫిడవిట్‌ను, పాస్‌పోర్టు కాపీని చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఒక పేరే లేకపోతే, పుట్టిన తేదీ తప్పైతే, తల్లి పేరు వేరైతే, సవరణ పెళ్లి నమోదైన చోటే జరగాలి. ఇంటి దగ్గరి రిజిస్ట్రార్ విదేశీ రికార్డును దిద్దలేరు. ఆమె తన పాస్‌పోర్టు, పుట్టుక సర్టిఫికెట్ జతచేసి క్లార్క్ ఆఫీసులో సవరణకు పెట్టుకుంది. సవరించిన రికార్డు నుంచి కొత్త కాపీ వచ్చింది. కొత్త కాపీ కాబట్టి కొత్త అపోస్టిల్, దానికి మళ్లీ అనువాదం. ఫారంలో ఒక్క పదం వదిలేసినందుకు మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. లైసెన్స్ ఫారం నింపేటప్పుడు పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం రాసుకోవాలని నేను పదేపదే చెప్పేది అందుకే. తేదీల విషయంలోనైతే ఇంకా జాగ్రత్త కావాలి. జులై 4న పుట్టినవారు అలవాటుగా 04/07 అని రాస్తే అమెరికాలో అది ఏప్రిల్ 7 అవుతుంది.

పెళ్లినాటికి స్వేచ్ఛ ఉందా

అన్నిటికంటే ఎక్కువ ఫైళ్లు ఆగేది నాలుగో ప్రశ్న దగ్గర. అందుకు కారణం ఉంది. కొన్ని దేశాలు విదేశీయులకు పెళ్లి జరిపించే ముందే వాళ్ల సొంత దేశం నుంచి, పెళ్లికి అడ్డేమీ లేదని చెప్పే సర్టిఫికెట్ తెమ్మంటాయి. అలాంటి చోట చిక్కులు ముందే బయటపడతాయి. నెవాడా అలా అడగదు. దరఖాస్తు చేసేవాళ్లు చెప్పిన మాటే తీసుకుని అక్కడికక్కడే లైసెన్స్ ఇస్తారు. కాబట్టి ఎవరూ చూడని సంగతి ఇంటికొచ్చాక, కొమూనే రికార్డు తెరిచినప్పుడు తేలుతుంది. మరియా ఎలెనా రికార్డు తెరిస్తే వివాహిత అని ఉంది, భర్త పేరు మొదటి భర్తది.

ఆమె విడాకులు నిజమైనవే. కానీ ఇంగ్లండ్ కోర్టు ఇచ్చిన విడాకుల సంగతి ఇటలీ రికార్డుకు ఎవరూ చెప్పలేదు. దేశాలు ఇలాంటివి వాటంతటవే ఒకదానికొకటి పంపుకుంటాయని చాలామంది అనుకుంటారు. పెద్దగా పంపుకోవు. కాబట్టి రెండో పెళ్లి ఎక్కాలంటే, ముందు మొదటి పెళ్లి రద్దయినట్టు ఎక్కాలి. ఆ పని ఎంత కష్టమన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. ఇటలీలో 1995 నాటి 218వ చట్టం ప్రకారం, నిబంధనలకు సరిపోతే విదేశీ తీర్పును కొత్తగా కోర్టుకెళ్లకుండానే రికార్డుకెక్కించవచ్చు. ఫిలిప్పీన్స్‌లో మాత్రం విదేశీ విడాకుల్ని అక్కడి కోర్టు గుర్తించాకే రికార్డు మారుతుంది. అది నెలల తరబడి సాగే పని.

ఇక్కడా ఆమెకు ఒక అడ్డు వచ్చింది. కోర్టు ముద్ర ఉన్న విడాకుల కాగితం తీసుకెళ్లింది, కానీ అది డిక్రీ నిసై. ఇంగ్లండ్‌లో అప్పటి పద్ధతిలో విడాకులు రెండు మెట్లలో వచ్చేవి. డిక్రీ నిసై అంటే విడాకులకు తగిన కారణం ఉందని కోర్టు ఒప్పుకోవడం. ఆ తర్వాత కనీసం 6 వారాల 1 రోజు ఆగి అడిగితే డిక్రీ అబ్సల్యూట్ ఇచ్చేవారు. పెళ్లి రద్దయ్యేది దానితోనే. 2022 ఏప్రిల్ 6 నుంచి వేసిన కేసుల్లో వీటి పేర్లు కండిషనల్ ఆర్డర్, ఫైనల్ ఆర్డర్‌గా మారాయి. ఏ దేశపు విడాకులైనా రిజిస్ట్రార్ చూసేది ఇదే: ఇది ఆఖరిదేనా, ఇక అప్పీలుకు వీల్లేదా? కొన్ని దేశాల్లో తీర్పు మీద ఆ మాట ఉండదు, తీర్పు ఖాయమైందని కోర్టు విడిగా ఒక కాగితం ఇస్తుంది. దాన్ని అడిగి తీసుకోవాలి.

తేదీలు కూడా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తారు. ఆమె డిక్రీ అబ్సల్యూట్ 2022లోది, పెళ్లి 2023లో. సరిపోయింది. పెళ్లి ముందు, ఆఖరి డిక్రీ తర్వాత అయి ఉంటే ఏ అపోస్టిలూ కాపాడలేదు. అప్పుడు ప్రశ్న కాగితాలది కాదు, పెళ్లినాటికి ఆమె ఇంకొకరి భార్య. అలాంటి సందర్భంలో కౌంటర్ల చుట్టూ తిరగడం మానేసి కుటుంబ చట్టం తెలిసిన లాయర్‌ని కలవడమే సరైన పని. మైనర్ పెళ్లిళ్లు, దగ్గరి రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు కూడా ఇలాగే. జరిగిన చోట చెల్లినా సొంత దేశం తన చట్టాన్ని బట్టి వద్దనవచ్చు.

చివరికి ఆమె ఫైలు వెళ్లిన వరుస ఇది. డిక్రీ అబ్సల్యూట్‌కు కోర్టు కాపీ, దానికి బ్రిటన్ విదేశాంగ శాఖ ఆఫీసు వేసిన అపోస్టిల్, దానికి ఇటాలియన్ అనువాదం. ముందు అది కొమూనేలో నమోదై మొదటి పెళ్లి పక్కన విడాకుల రాత పడింది. ఆ తర్వాత సవరించిన క్లార్క్ కౌంటీ కాపీ, నెవాడా అపోస్టిల్, అనువాదం, ఇద్దరి పాస్‌పోర్టులు, ఒక దరఖాస్తు. భర్తకు అంతకుముందు పెళ్లి లేదు కాబట్టి ఆయనవైపు నుంచి ఇంకేమీ అడగలేదు. నమోదయ్యాక ఆమె కొమూనే నుంచి కొత్త పెళ్లి రికార్డు నకలు తీసుకుంది, భర్త దరఖాస్తుకు పెట్టింది ఆ నకలే. నెవాడా నుంచి సవరించిన సర్టిఫైడ్ కాపీలు ఒకేసారి రెండు తెప్పించి రెండింటికీ అపోస్టిల్ వేయించింది. కొమూనేలో ఇచ్చింది ఫైల్లోనే ఉండిపోయింది, తిరిగి ఇవ్వలేదు. రెండోది ఇంట్లో ఉంది.